గాంధారం దగ్గర పద్నాలుగు సెంట్లు

మోహనంలోనో శంకరాభరణంలోనో అంతర గాంధారం మీద కాసేపు నిలవండి. తంబురాతో పూర్తిగా కలిసిపోయానని అనిపించాక అదే స్వరాన్ని కీబోర్డు మీద నొక్కి చూడండి. కీబోర్డు గాంధారం రవ్వంత పైన పలుకుతుంది. తేడా చిన్నదే అయినా చెవి కుదిరినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఎందుకిలా అని అడిగితే సంగీతం చదువుకున్నవాళ్లు చాలామంది చెప్పే జవాబు ఒకటే: మనకు స్థాయికి 22 శ్రుతులు, దానికి పన్నెండే మెట్లు, అందుకే మన గాంధారం దానికి అందదు.

ఈ జవాబులో నిజం ఉంది కానీ, దాన్ని అలాగే పట్టుకుంటే దారి తప్పుతాం. పన్నెండు కంటే సన్నగా గీసిన 22 గళ్లేవో ఉన్నాయని, ప్రతి రాగానికీ అందులో కొన్ని గళ్లు కేటాయించారని ఊహించుకుంటాం. 22 శ్రుతులు నిజంగా సమానమైన గళ్లే అయితే పంచమం పదమూడో గడిలో పడాలి. లెక్క కడితే అది సహజ పంచమం కంటే బాగా పైకి పోతుంది. తంబురా పక్కన ఆ పంచమాన్ని ఎవరూ భరించలేరు. కాబట్టి 22 ఎలా పుట్టిందో, దేనికోసం పుట్టిందో తెలిస్తే తప్ప పన్నెండుతో దాన్ని పోల్చడం కుదరదు.

ముందు కొలత సంగతి. స్థాయి మొత్తాన్ని 1200 భాగాలు చేసి ఒక్కో భాగానికి సెంటు అని పేరు పెట్టినవాడు 19వ శతాబ్దపు ఇంగ్లీషు పండితుడు అలెగ్జాండర్ ఎల్లిస్. కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరం ఎక్కడైనా సరిగ్గా 100 సెంట్లే. అంతర గాంధారం షడ్జం నుంచి నాలుగో మెట్టు కనుక 400, పంచమం ఏడో మెట్టు కనుక 700.

ఇప్పుడు తంబురా దగ్గరికి వద్దాం. లెక్క తేలిగ్గా ఉండడానికి మధ్య షడ్జం సెకనుకు 240 కంపనాలు అనుకుందాం. ఆరున్నర శ్రుతికీ ఏడుకీ నడుమ పడుతుంది అది. అప్పుడు మంద్ర షడ్జం తీగ 120. ఆ తీగను మీటితే 120 ఒక్కటే మోగదు. దాని రెట్టింపు 240, మూడు రెట్లు 360, నాలుగు రెట్లు 480, అయిదు రెట్లు 600 కూడా అందులో కలిసి మోగుతాయి. ఈ అయిదో హార్మోనిక్ 600ను ఒక స్థాయి దించితే 300 వస్తుంది. 240కి 300 అంటే 4కి 5. అదే మన అంతర గాంధారం. తంబురాకు ఎవరూ గాంధారపు తీగ కట్టలేదు, అయినా శ్రుతి బాగా కుదిరిన తంబురాలో గాంధారం దానంతటదే పలుకుతుంది. మన పెద్దలు దాన్ని స్వయంభూ గాంధారం అన్నది అందుకే. వంపు తిరిగిన గుర్రమూ, దాని మీద తీగ కింద పెట్టే దారపు పోగూ ఈ హార్మోనిక్స్‌ను ఎలా పైకి తెస్తాయో సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాల మీద రాసిన వ్యాసంలో చర్చించాడు.

మీరు 300 దగ్గర గాంధారం పాడుతున్నారనుకోండి. మీ గొంతులోనూ దాని రెట్టింపు 600 ఉంటుంది. తంబురాలోని 600, మీ గొంతులోని 600 ఒకటిగా కలిసిపోతాయి. స్వరం నిలిచింది అని మనం చెప్పుకునేది ఈ కలయికనే. కీబోర్డు గాంధారం 302.4 దగ్గర ఉంటుంది. దాని రెట్టింపు 604.8. తంబురాలోని 600తో ఇది కలవదు. రెండూ ఒకదాన్నొకటి సెకనుకు దాదాపు అయిదుసార్లు పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. భౌతికశాస్త్రం పాఠాల్లో విస్పందనాలు అని చదువుకున్నది ఇదే. స్వరం సన్నగా వణుకుతున్నట్టు ఉంటుంది. సెంట్లలో చెబితే మన గాంధారం 386, కీబోర్డుది 400. తేడా పద్నాలుగు.

కీబోర్డు అన్నిచోట్లా ఇంత దూరం జరగదు. దాని పంచమం 359.6, సహజ పంచమం 360. తంబురా పక్కన రెండింటికీ మధ్య విస్పందనం సెకనుకు ఒక్కటి కూడా ఉండదు. శుద్ధ మధ్యమం కూడా అంతే. అంటే షడ్జం, మధ్యమం, పంచమం విషయంలో పన్నెండు మెట్ల మీద మనం ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. గాంధారం, ధైవతం, నిషాదం దగ్గరే అసలు గొడవ. వాటిలో ధైవతం కథ వింటే 22 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

షడ్జానికి పంచమం ఎంత దూరమో, పంచమానికి అంత దూరంలో ఉన్న స్వరం పట్టి ఒక స్థాయి దించితే చతుశ్రుతి రిషభం వస్తుంది. 240 నుంచి 360, 360 నుంచి 540, దించితే 270. ఇప్పుడు ధైవతం ఎక్కడ పెట్టాలి? రిషభానికి అది పంచమంలా ఉండాలంటే 270కి ఒకటిన్నర రెట్లు, అంటే 405. గాంధారానికి అది మధ్యమంలా ఉండాలంటే 300 మీద మూడో వంతు పెంచాలి, అంటే 400. రెండు కోరికలూ న్యాయమైనవే. రెండింటికీ సమాధానం చెప్పే ఒక్క ధైవతం మాత్రం లేదు. 400కీ 405కీ నడుమ ఉన్న ఆ అయిదు కంపనాలు, సెంట్లలో ఇంచుమించు 22, ఎవరి చేతకానితనం వల్లా పుట్టినవి కావు. రెట్టింపు, ఒకటిన్నర, ఒకటింబావు అనే నిష్పత్తులు ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు, అంతే. ప్రపంచంలో స్వరాలను కొలిచిన ప్రతి జాతికీ ఈ ముక్క ఎదురైంది.

వీణ మీద దీన్ని కళ్లారా చూడవచ్చు. సారణి తీగ మీద రెండో మెట్టు చతుశ్రుతి రిషభం. ఆ మెట్టును 270కి సరిగ్గా మైనంలో కూర్చారనుకోండి. పక్కనున్న పంచమం తీగ మీద అదే మెట్టు పట్టుకుంటే వచ్చేది మంద్ర ధైవతం, 202.5. పై స్థాయికి మారిస్తే 405. గాంధారంతో పొసగే 400 ధైవతం ఆ మెట్టు మీద రానే రాదు. మెట్టును వెనక్కి జరిపితే ధైవతం కుదురుతుంది కానీ సారణి మీద రిషభం పాడవుతుంది. తీగను పక్కకు లాగితే స్వరం పైకే పోతుంది తప్ప కిందికి రాదు. కాబట్టి వైణికులకు 400 కావాలంటే ఒక మెట్టు కింద పట్టుకుని అక్కడి నుంచి తీగ లాగి తెచ్చుకోవాలి. చేతికి వచ్చిన వాళ్లు ఇది ఆలోచించకుండానే చేస్తారు.

భరతుడికి ఈ చిక్కు రిషభ పంచమాల మధ్య ఎదురైంది. నాట్యశాస్త్రంలో చెప్పిన షడ్జగ్రామంలో స్వరాల మధ్య శ్రుతుల సంఖ్య మీ అందరికీ తెలిసిందే: షడ్జానికి 4, రిషభానికి 3, గాంధారానికి 2, మధ్యమానికి 4, పంచమానికి 4, ధైవతానికి 3, నిషాదానికి 2. రెండు స్వరాలు సంవాదులు కావాలంటే వాటి మధ్య తొమ్మిదో పదమూడో శ్రుతులు ఉండాలి. రిషభం నుంచి పంచమానికి లెక్కపెట్టండి: 2, 4, 4, మొత్తం పది. ఒకటి ఎక్కువైంది. పంచమాన్ని ఆ ఒక్కటి దించితే రిషభంతో సంవాదం కుదురుతుంది, షడ్జంతో చెడుతుంది. అలా దించితే వచ్చేది మధ్యమగ్రామం. ఆ దించిన దూరానికే భరతుడు ప్రమాణ శ్రుతి అన్నాడు. మన లెక్కలో పెడితే ఇక్కడి మూడు శ్రుతుల రిషభం 266.7, దానితో సంవదించే పంచమం 355.6, షడ్జంతో సంవదించే పంచమం 360. ఈ రెండు పంచమాల నిష్పత్తి 80కి 81. 400, 405 ధైవతాల నిష్పత్తీ సరిగ్గా అదే.

ఈ కంపనాల సంఖ్యలు, సెంట్లు భరతుడు ఇచ్చినవి కావని గుర్తుపెట్టుకోవాలి. ఆయన ఒక్క అంకె కూడా కొలిచి చెప్పలేదు. సంవాదం వినగల చెవి, రెండు వీణలు, ఇవే ఆయన పరికరాలు. సంఖ్యలన్నీ ఆ సంవాదాల్ని నిష్పత్తులుగా మార్చుకుని తర్వాతి పండితులు కట్టినవి.

ఆ రెండు వీణల ప్రయోగమే సారణా చతుష్టయం. రెంటినీ షడ్జగ్రామానికి ఒకేలా శ్రుతి చేస్తారు. ఒకటి కదలదు, అది ధ్రువ వీణ. రెండోది చల వీణ. మొదటి సారణలో చల వీణ పంచమాన్ని ప్రమాణ శ్రుతి దించి, మిగతా స్వరాలన్నిటినీ దానికి తగ్గట్టు షడ్జగ్రామంలోకి సరిచేస్తారు. ఇప్పుడు వీణంతా ఒక శ్రుతి దిగింది కానీ దాని స్వరమేదీ ధ్రువ వీణ స్వరంతో కలవదు. రెండో సారణలో మళ్లీ దించితే చల వీణ గాంధార నిషాదాలు ధ్రువ వీణ రిషభ ధైవతాల్లో కలిసిపోతాయి. మూడో సారణలో రిషభ ధైవతాలు వెళ్లి షడ్జ పంచమాల్లో కలుస్తాయి. నాలుగో సారణలో షడ్జం, మధ్యమం, పంచమం తమ కిందివైన నిషాదం, గాంధారం, మధ్యమాల్లో కలుస్తాయి. ఇక కలవాల్సిన స్వరం లేదు. రెండు శ్రుతులకు కలిసిన స్వరాలు రెండు, మూడింటికి రెండు, నాలుగింటికి మూడు. 4, 6, 12 కూడితే 22.

ఇక్కడ ఎక్కువమంది గమనించని విషయం ఒకటుంది. నాలుగుసార్లు దించారు కదా, ఆ నాలుగు దించడాలూ సమానమా? సంవాదాల్ని నిష్పత్తుల్లోకి మారిస్తే కాదనే తేలుతుంది. మొదటిసారి దిగింది 22 సెంట్లు. రెండోసారి గాంధారం వెళ్లి రిషభంలో కలవాలంటే మొత్తం 112 దిగాలి, అంటే కొత్తగా 90. మూడోసారికి మొత్తం 182, అంటే మరో 70. నాలుగోసారికి 204, మళ్లీ 22. శ్రుతి అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు పరిమాణాలు ఉన్నాయి: 22, 70, 90. స్థాయి మొత్తంలో చిన్నవి పది, నడిమివి అయిదు, పెద్దవి ఏడు. కూడి చూసుకోండి, 1200 వస్తుంది. 22 శ్రుతుల పట్టికలో ప్రతి స్వరస్థానమూ ఎక్కువ తక్కువల జంటగా కనిపించడానికి కారణం ఈ 22 సెంట్ల చిన్న శ్రుతే. రిషభాలు రెండు జతలు, గాంధారాలు రెండు జతలు, అలా. షడ్జ పంచమాలకు మాత్రం జత లేదు. పన్నెండు స్థానాల్లో ఆ రెండింటినీ వదిలేస్తే మిగిలినవి పది, రెట్టిస్తే ఇరవై, ఆ రెండూ కలిపితే 22.

కాబట్టి పన్నెండుకూ 22కూ మధ్య అసలు తేడా గళ్ల సంఖ్యలో లేదు. పొసగని ఆ 22 సెంట్లను ఏం చేయాలన్న దగ్గరే ఉంది. భరతుడు దానికి పేరు పెట్టి, దాని కోసం రెండో గ్రామాన్నే నిలబెట్టాడు. ఐరోపా వాద్యకారులు దాన్ని చెరిపేశారు. వాళ్లకు అవసరం అలాంటిది. ఒకే పాటలో ఆధార షడ్జం రిషభానికి మారుతుంది, పంచమానికి మారుతుంది, ప్రతిసారీ మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కుతారు. ధైవతాన్ని 400 దగ్గర పెట్టిన కీబోర్డులో రిషభాన్ని ఆధారం చేసుకుంటే దాని పంచమం 22 సెంట్లు తక్కువై చెవిని కోస్తుంది. అలా చెడిన పంచమాన్ని వాళ్లు తోడేలు అన్నారు. ఆ తోడేలును వదిలించుకోవడానికి పంచమాన్ని ప్రతిచోటా రెండు సెంట్లు తగ్గించి, పన్నెండు మెట్లనూ సమానం చేశారు. అప్పుడు ధైవతం 403.6 దగ్గర పడుతుంది, అటు 400 కాక ఇటు 405 కాక. ఎక్కడి నుంచి మొదలుపెట్టినా పాట ఒకేలా ఉంటుంది, ఎక్కడా పూర్తిగా కలవదు. వాళ్ల సంగీతానికి అది సరైన బేరమే. మన కచేరీలో ఆధార షడ్జం మొదటి నుంచి చివరిదాకా కదలదు. మనకు లేని రోగానికి ఆ మందు ఎందుకన్నదే నా ప్రశ్న.

అలాగని పన్నెండు మనకు పరాయి సంఖ్య కాదు. విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్న రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో వీణ మెట్ల గురించి మాట్లాడుతూ ఒక నిర్ణయం చేశాడు. అంతర గాంధారానికీ చ్యుతమధ్యమ గాంధారానికీ నడుమ ఒక్క శ్రుతే తేడా. ఇద్దరికీ రెండు మెట్లు ఎందుకు, ఒకటి మరొకదానికి ప్రతినిధిగా ఉంటే చాలన్నాడు. కాకలి నిషాదం విషయంలోనూ అదే చెప్పాడు. పద్నాలుగు స్వరాలు పన్నెండు మెట్లలో కుదిరాయి. తర్వాత వేంకటమఖి 72 మేళాలు కట్టింది ఈ పన్నెండు స్థానాల మీదే. కాకపోతే వీణ మీది పన్నెండు చెవితో మైనంలో కూర్చిన పన్నెండు. అక్కడి గాంధారపు మెట్టు తంబురాను విని పెట్టినది. సంఖ్య ఒకటే కానీ కీబోర్డు పన్నెండుతో దానికి పోలిక అంతవరకే.

ఇంతవరకూ నిలిచిన స్వరం గురించే చెప్పాను. పాటలో స్వరం ఎంతసేపు నిలుస్తుంది? సెకనుకు అయిదు విస్పందనాలంటే ఒక్కోదానికి అయిదో వంతు సెకను పడుతుంది. కల్పనస్వరాల్లో సెకనుకు ఎనిమిది స్వరాలు పరుగెత్తుతుంటే ఒక్క విస్పందనం కూడా పూర్తికాకముందే స్వరం మారిపోతుంది. ఆ వేగంలో పద్నాలుగు సెంట్ల తేడాను పట్టుకోవడం చెవికి దాదాపు అసాధ్యం. తోడి గాంధారం సంగతి ఇంకా వేరు. అది మధ్యమం వైపు ఎగసి రిషభం వైపు వాలుతూ ఉండే గమకం. దానికి 294 ఇవ్వాలా 316 ఇవ్వాలా అని పట్టిక చూసి తేల్చుకోవడంలో అర్థం లేదు. ఆ ఊగే తీరే తోడి.

కొలిచినవాళ్లూ ఇదే చెప్పారు. నజీర్ జైరజ్‌భాయ్, ఎ.డబ్ల్యు. స్టోన్ 1963లో హిందుస్తానీ కళాకారుల స్వరాలను యంత్రంతో కొలిచి ప్రచురించారు. ఒకే రాగంలో ఒకే స్వరం కళాకారుణ్ని బట్టి మారడమే కాదు, ఒకే కళాకారుడి దగ్గరా కచేరీ మధ్యలో మారింది. తర్వాత మార్క్ లెవీ చేసిన కొలతల్లోనూ స్వరాలు 22 స్థిరమైన చోట్ల గుమిగూడలేదు. 20వ శతాబ్ది మొదట్లో కె.బి. దేవల్, ఇ. క్లెమెంట్స్ ప్రత్యేకంగా శ్రుతి హార్మోనియం చేయించినా అది కచేరీల్లో నిలదొక్కుకోలేకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. మెట్లు ఎన్ని పెంచినా అవి మెట్లే, ఒకదాని నుంచి మరోదానికి జారవు. ఆకాశవాణి 1940 నుంచి దశాబ్దాల పాటు హార్మోనియాన్ని బయట ఉంచినప్పుడు శ్రుతుల గురించి పెద్ద చర్చ జరిగింది. ఆ కాలంలోనే మన పద్యనాటకాల వేదికల మీద హార్మోనియం పక్కన పెట్టుకునే మహానటులు రాగాలు తీసి జనాన్ని ఊపేశారు. గొంతుకు చెవి పదునుగా ఉంటే పక్క వాద్యం పెట్టే ఇబ్బందిని దాటిపోతుంది. పదును పెట్టుకునే దశలో మాత్రం పక్కన ఏముందన్నది చాలా ముఖ్యం.

ఆ దశలో ఉన్నవాళ్ల కోసమే ఈ చివరి మాట. ఇప్పుడు ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని సాధన చేసే పిల్లలు హైదరాబాదులోనూ ఉన్నారు, డల్లాస్‌లోనూ ఉన్నారు. ఆ ట్యూనర్లలో చాలావాటికి కీబోర్డు పన్నెండే తెలుసు. తంబురాతో చక్కగా కలిసిన అంతర గాంధారానికి అది 14 తక్కువ చూపిస్తుంది. గాంధారంతో పొసగే ధైవతానికి 16, కాకలి నిషాదానికి 12 తక్కువ చూపిస్తుంది. నిలిపి పాడిన సాధారణ గాంధారానికి 16 ఎక్కువ చూపించవచ్చు. ముల్లు మధ్యకు రాలేదని గొంతును పైకి నెట్టుకుంటే తంబురా నుంచి దూరమవుతారు. నిజంగా అపశ్రుతి పలుకుతున్నారో లేదో తెలియాలంటే ట్యూనర్ కట్టేసి, తంబురా పెట్టుకుని, గాంధారాన్ని ఆకారంలో నాలుగైదు సెకన్లు కదలకుండా నిలపండి. వణుకు వినిపిస్తే కొద్దికొద్దిగా కిందికి దించండి. వణుకు నెమ్మదించి ఆగిన చోట నిలవండి. ఇంకా దించితే మళ్లీ మొదలవుతుంది, అప్పుడు దాటిపోయారని అర్థం. ఈ పని ముందు గాంధారంతో చేసి, కుదిరాక ధైవతానికి వెళ్లండి. ధైవతాన్ని ఒకసారి రిషభం పాడిన వెంటనే, ఇంకోసారి గాంధారం పాడిన వెంటనే నిలిపి చూడండి. ప్రమాణ శ్రుతి ఎంత ఉంటుందో పట్టిక చెప్పకుండానే మీ గొంతుకు తెలుస్తుంది.